జులై 1 నుంచి ఏరియా టీమ్‌లు: మారేదేంటి, ఎందుకు, ఎవరికి

అందరికీ నమస్కారం. ఉప్పల్ ఆఫీసులో స్క్రీన్ ముందు కూర్చున్నవాళ్లకు కూడా.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. జులై 1 నుంచి మనకు సేల్స్, సర్వీస్ అని రెండు విభాగాలు ఉండవు. సిటీని మూడు ఏరియాలు చేస్తున్నాం: కూకట్‌పల్లి వైపు, ఉప్పల్–ఎల్బీనగర్ వైపు, శంషాబాద్ వైపు. ఏరియాకు ఒక టీమ్, ఒక మేనేజర్. మోటార్ అమ్మేవాళ్లు, బిగించేవాళ్లు, రిపేర్ చేసేవాళ్లు అందరూ ఆ టీమ్‌లోనే.

ఈ మార్పు వల్ల ఎవరి ఉద్యోగమూ పోదు, ఎవరి జీతమూ తగ్గదు. టీ దగ్గర నడుస్తున్న మాటలు నా చెవిన పడ్డాయి. ఆ భయం పక్కన పెట్టి మిగతాది వినండి.

ఎందుకు మారుతున్నామంటే, మొన్న ఎండాకాలంలో జరిగింది చెప్పాలి. నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్‌లో శుక్రవారం పొద్దున బోరు మోటార్ ఆగిపోయింది. వాళ్లు మోటార్ అమ్మిన మన సేల్స్ అబ్బాయికి ఫోన్ చేశారు. అతను వెంటనే కంప్లయింట్ రాయించాడు. మధ్యాహ్నానికల్లా మన టెక్నీషియన్ వెళ్లి ప్యానెల్ బోర్డు విప్పి చూస్తే మోటార్ బాగానే ఉంది, కాంటాక్టర్ కాలిపోయింది. మారిస్తే అరగంట పని. కానీ సర్వీస్ స్పేర్లు ఉప్పల్ స్టోర్‌లో ఉంటాయి, ఇండెంట్ మీద సంతకం పెట్టాల్సిన ఇన్‌చార్జి ఆ రోజు నల్గొండ సైట్‌లో ఉన్నారు. అదే కాంటాక్టర్ ఇక్కడ బాలానగర్ ర్యాక్‌లో ఉంది, కాకపోతే అది సేల్స్ స్టాక్, సర్వీస్‌కు ఇవ్వకూడదు. చివరికి సోమవారం బిగించాం. ఆ మూడు రోజులూ అపార్ట్‌మెంట్ వాళ్లు ట్యాంకర్లు తెప్పించుకున్నారు. వాటికైన డబ్బుతో అలాంటి కాంటాక్టర్లు ఎన్నో వస్తాయి.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ప్రతి ఒక్కరూ తన పని తాను సరిగ్గానే చేశారు. అయినా ఇంట్లో నీళ్లు రాలేదు. ఆ ఫోన్ ఎత్తిన మనిషికి పని పూర్తిచేసే అధికారం కూడా ఉండాలన్నదే ఈ మార్పు మొత్తానికి కారణం.

ఇప్పుడు ఎవరికి ఏం మారుతుందో చెప్తాను.

టెక్నీషియన్లు ఇకపై ఇండెంట్ కోసం ఆగక్కర్లేదు. ఐదు వేల లోపు స్పేరు ఏ స్టోర్‌లో ఉన్నా సంతకం పెట్టి తీసుకెళ్లొచ్చు. సేల్స్ వాళ్లకు అమ్మకంతో పని అయిపోదు, తమ కస్టమర్ కంప్లయింట్ మూతపడేదాకా బాధ్యత వాళ్లదే. పని పెరుగుతుంది, నాకు తెలుసు. ఏప్రిల్–జూన్ ఇన్సెంటివ్ మాత్రం పాత లెక్క ప్రకారమే పూర్తిగా వస్తుంది.

కష్టమైన భాగం ఇది. ఇప్పుడు సూపర్‌వైజర్లు ఐదుగురున్నారు, ఏరియా మేనేజర్ పోస్టులు మూడే. ఇద్దరికి హోదా మారుతుంది. జీతం అదే అయినా, ఏళ్ల తరబడి టీమ్‌ను నడిపినవాళ్లకు అది చిన్న విషయం కాదు. ఉప్పల్‌లో బిల్లింగ్ చూస్తున్న ఆరుగురు బాలానగర్‌కు రావాలి. మెట్రోలో అమీర్‌పేటలో దిగి లైన్ మారాలి, రోజూ అదనపు ప్రయాణం. వాళ్లకు ఆఫీసు టైము పదిన్నర, ఆరు నెలలు మెట్రో ఛార్జీలు కంపెనీ ఇస్తుంది. ఈ ఎనిమిది మందితో నిన్ననే విడివిడిగా మాట్లాడాను. ఇలాంటి మాట నలుగురిలో మొదటిసారి వినాల్సి రాకూడదు.

కంపెనీ మారడం లేదు కాబట్టి మీ యూఏఎన్, ఈఎస్ఐ నంబర్లు అవే ఉంటాయి. గ్రాట్యుటీకి సర్వీసు మీరు చేరిన రోజు నుంచే లెక్క.

తేలనిది ఒకటుంది: టెక్నీషియన్ చెప్పిన కబురుతో కొత్త ఆర్డర్ వస్తే ఇన్సెంటివ్ ఎవరికెంత అని. నా ఉద్దేశంలో టెక్నీషియన్‌కు వాటా ఉండి తీరాలి, ఎంతన్నది జూన్ 20 లోపు రాతపూర్వకంగా ఇస్తాను.

ఇక చేయాల్సిన పనులు. సోమవారం పొద్దున రెండు ఆఫీసుల్లోనూ నోటీసు బోర్డు మీద పేర్లు, ఏరియాలు పెడతాం. ఆ వారంలోనే మీ కొత్త మేనేజర్ మీలో ప్రతి ఒక్కరితో కూర్చుంటారు. మీ ఇల్లు ఒకవైపు, ఏరియా ఇంకోవైపు పడితే అప్పుడే చెప్పండి, జూన్ 12 దాకా మార్చుకునే వీలుంది. జూన్ 15న కూకట్‌పల్లి టీమ్ ముందుగా మొదలవుతుంది. అక్కడ తేలిన ఇబ్బందులు సరిచేసుకుని మిగతా రెండూ జులై 1న. అప్పటిదాకా కంప్లయింట్లు ఇప్పుడున్న నంబర్‌కే, ఇప్పుడున్న పద్ధతిలోనే తీసుకోండి. కస్టమర్లు అడిగితే, మీ పాత మనిషే వస్తారనో రారనో ఇప్పుడే మాట ఇవ్వకండి.

ఇక మీరు అడగండి. నలుగురిలో అడగడం ఇష్టం లేనివాళ్లు కాగితం మీద రాసి హెచ్ఆర్ టేబుల్ మీద పెట్టండి, పేరు అక్కర్లేదు. ఎక్కువ మార్పు ఉప్పల్ వాళ్లకే కాబట్టి మొదటి ప్రశ్న అక్కడి నుంచే తీసుకుందాం.