శ్రావణికి మెసేజ్: రాలేకపోయిన క్లాసుల నోట్సు కోసం

హాయ్ శ్రావణీ, నేను హరితని. ఆటలమ్మ పోసి 6వ తేదీ సోమవారం నుంచి కాలేజీకి రావట్లేదు కదా, ఇప్పుడు జ్వరం తగ్గింది. పొక్కులన్నీ ఎండి పెచ్చులు కట్టేదాకా బయటికి వెళ్లొద్దన్నారు, అందుకే 20 సోమవారం వస్తా. ఈలోగా ఇంట్లో కూర్చుని చదువుకోగలను.

నీ నుంచి ఒక సాయం కావాలి. డేటా స్ట్రక్చర్స్‌లో 7, 9, 14, 16 తేదీల క్లాసులు, డిజిటల్‌లో 8, 15 తేదీలవి, మొత్తం ఈ ఆరు క్లాసుల నోట్సు ఫొటోలు తీసి ఆదివారం రాత్రిలోగా పంపగలవా? 27న మిడ్ ఉంది కాబట్టి ఆదివారం అన్నాను. సోమవారానికి కుదిరినా నాకు ఇబ్బందేమీ లేదు. 'సరే' అనో 'కుదరదు' అనో ఒక్క మాట పెట్టు చాలు. కుదరకపోతే కారణం చెప్పక్కర్లేదు, ఇంకొకర్ని అడుగుతా.

పనిలో ఉంటే ఇక్కడితో ఆపేయ్. కింద రాసిందంతా ఫొటోలు తీసేటప్పుడు ఒకసారి చూసుకోవడానికి.

నిన్నే ఎందుకు అడుగుతున్నానంటే, సార్ బోర్డు మీద వేసే బొమ్మల్ని నువ్వు మధ్య మెట్లు వదలకుండా వేస్తావు. నాకు కావలసింది సరిగ్గా అదే. థియరీ పుస్తకంలో దొరుకుతుంది, డెఫినిషన్లు, అల్గారిథమ్‌లు ఉన్న పేజీలు వదిలేయ్. మ్యాథ్స్ నోట్సు ఇంకో ఫ్రెండ్ ఇస్తానంది, ఇంగ్లీషు పుస్తకం చూసి చదివేస్తా. ఆ రెండూ నువ్వు పట్టించుకోకు.

డేటా స్ట్రక్చర్స్:

7న బీఎస్‌టీ డిలీషన్ అయిందని గ్రూపులో చూశా. ఇద్దరు పిల్లలున్న నోడ్‌ని తీసేటప్పుడు సార్ దాని స్థానంలోకి ఇన్‌ఆర్డర్ సక్సెసర్‌ని తెచ్చారా, ప్రెడెసెసర్‌నా? 50, 30, 70, 20, 40, 60, 80 వరసలో కట్టిన ట్రీలోంచి 50 తీసేస్తే మొదటి పద్ధతిలో 60 రూట్ అవుతుంది, రెండో పద్ధతిలో 40 అవుతుంది. రెండూ కరెక్టే, కానీ చివరికి వచ్చే బొమ్మలు వేరు. పరీక్షలో సార్ చెప్పిన పద్ధతిలోనే వేయడం మంచిది కదా. ఆయన చేసిన ఉదాహరణ ఉన్న పేజీ ఒక్కటి చాలు.

9, 14 తేదీలవి ఏవీఎల్ రొటేషన్లు. అసలు అవసరం ఇక్కడే. బ్యాలెన్స్ ఫ్యాక్టర్‌ని కొన్ని పుస్తకాలు ఎడమ ఎత్తులోంచి కుడి ఎత్తు తీసేసి లెక్కిస్తాయి, కొన్ని తిరగేసి. గుర్తు మారితే +2 కాస్తా -2 అవుతుంది, ఏ రొటేషనో గుర్తుపట్టడం తలకిందులవుతుంది. సార్ ఏది వాడారో చెప్పు. అలాగే ఆకు నోడ్ ఎత్తు 0 అన్నారా, 1 అన్నారా? 0 అంటే ఖాళీ ట్రీ ఎత్తు -1 అని పెట్టుకోవాలి. అది కూడా 0 అనుకుంటే 30, 10, 20 వరసగా పెట్టినప్పుడు 30 దగ్గర తేడా 2కి బదులు 1 అని వస్తుంది, అసలు రొటేషనే అక్కర్లేదనిపిస్తుంది. నిజానికి అది ఎల్‌ఆర్ కేసు: ముందు 10 దగ్గర ఎడమకి, తర్వాత 30 దగ్గర కుడికి తిప్పితే 20 రూట్ అవుతుంది. ఇలా రెండుసార్లు తిప్పే లెక్కలు సార్ ఎన్ని చేసి ఉంటే అన్నీ కావాలి. ఒకేసారి తిప్పేవి నాకు వచ్చు, వాటిని వదిలేయొచ్చు.

16న ఏం చెప్పారో గ్రూపులో ఎవరూ పెట్టలేదు. ఆ రోజు రాసినదంతా పంపేయ్, ఏరాల్సిన పని లేదు.

డిజిటల్:

8న నాలుగు వేరియబుల్స్ కె-మ్యాప్. అడ్డం, నిలువు రెండిట్లోనూ 00, 01, 11, 10 వరస అని తెలుసు. మేడమ్ ఏ, బీలని అడ్డ వరసల పక్కన పెట్టారా, నిలువు వరసల పైన పెట్టారా అన్నది చూడాలి. అడ్డ వరసలకి పెడితే మొదటి వరసలో 0, 1, 3, 2 గళ్లు వస్తాయి, నిలువుకి పెడితే 0, 4, 12, 8 వస్తాయి. ఇది కలగాపులగమైతే ఒకట్లన్నీ వేరే గళ్లలో పడతాయి. ఖాళీ మ్యాప్ ఒకటి, డోంట్ కేర్ లెక్క ఒకటి చాలు. 15వి ఫ్లిప్‌ఫ్లాప్‌లు కదా, జేకే ఎక్సైటేషన్ టేబుల్ ఉన్న పేజీ మాత్రం మర్చిపోకు.

ల్యాబ్ రికార్డు నుంచి ఫుల్ యాడర్ సర్క్యూట్ బొమ్మ ఒక్క ఫొటో. 7486, 7408, 7432 ఐసీలు మూడిట్లోనూ 14వ పిన్ను సప్లై, 7వది గ్రౌండ్ అని తెలుసు. ఏ గేటు ఔట్‌పుట్ ఎన్నో పిన్ను నుంచి తీశారో చూసుకుంటే నేను విడిగా వెళ్లి చేసేటప్పుడు వైరింగ్‌కి టైమ్ వృథా కాదు. నీ అబ్జర్వేషన్ టేబుల్ వద్దు, ఆ రీడింగులు నేనే తీసుకోవాలి. అసైన్‌మెంట్‌వి కూడా ప్రశ్నలు చాలు, జవాబులు వద్దు.

ఫొటోల సంగతి. పుస్తకం బల్ల మీద పరిచి, పగలు కిటికీ పక్కన, ఫ్లాష్ ఆపేసి, సరిగ్గా పైనుంచి తీస్తే బాగా వస్తాయి. ఫ్లాష్ వేస్తే పెన్సిల్ గీతల మీద మెరుపు పడి బాణాలు కనపడవు. పేజీకి ఒక ఫొటో, నాలుగు మూలలూ పడేలా, తేదీ రాసిన చోటు కోసుకుపోకుండా. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గిపోయి సబ్‌స్క్రిప్టులు మసకబారతాయి, అందుకని 'డాక్యుమెంట్'గా పంపు. వరస తప్పినా ఫర్వాలేదు, తేదీలు చూసి నేను సర్దుకుంటా. కొట్టివేతలు, చేతిరాత గురించి అసలు ఆలోచించకు.

ఇదంతా విసుగనిపిస్తే ఇంకో దారి ఉంది. నోట్సు 20న పొద్దున క్లాసుకి తెచ్చివ్వు, లంచ్ టైమ్‌లో నేనే ఫొటోలు తీసుకుని మధ్యాహ్నం క్లాసు మొదలయ్యేలోపు తిరిగిచ్చేస్తా. మిడ్ ముందు నీ పుస్తకం ఒక్క రాత్రి కూడా నా దగ్గర ఉంచుకోను.

నా దగ్గర గత యూనిట్ స్టాక్‌లూ క్యూలూ మీద చేసిన లెక్కలున్నాయి. ఇన్‌ఫిక్స్ నుంచి పోస్ట్‌ఫిక్స్‌కి మార్చేవి, ప్రతి అడుగులో స్టాక్‌లో ఏముందో టేబుల్ వేసి మరీ చేశా. కావాలంటే చెప్పు, నువ్వు నోట్సు పంపినా పంపకపోయినా ఇస్తా.

హరిత

తా.క. 7, 8, 9, 14, 15, 16 తేదీల్లో నువ్వు కూడా రాని రోజుంటే ఆ తేదీ ఒక్కటి చెప్పు, దాన్ని వేరేవాళ్ల దగ్గర తీసుకుని నీకూ పంపుతా.