సంజాయిషీ: విచారణ ప్యానెల్‌కు విద్యార్థిని లిఖితపూర్వక వివరణ

హైదరాబాద్,
12 ఆగస్టు 2024

గౌరవనీయులైన విభాగ స్థాయి విచారణ ప్యానెల్ అధ్యక్షులకు, సభ్యులకు,

విషయం: నా ఎం.ఏ. చరిత్ర సిద్ధాంత వ్యాసం మూడో అధ్యాయంలో మూలాల ప్రస్తావనపై వచ్చిన ఫిర్యాదు. 5 ఆగస్టు 2024 నోటీసుకు నా జవాబు.

ఈ నెల 14న జరిగే విచారణకు ముందు రాతపూర్వకంగా వివరణ ఇవ్వమన్నారు. తెలుగులో రాయడానికి ఒప్పుకున్నందుకు కృతజ్ఞతలు. నోటీసులో నాపై రెండు ఆరోపణలు ఉన్నాయి. వేరేవారి రాతను మూలం చెప్పకుండా వాడుకున్నానన్నది మొదటిది. పరీక్షకులను మోసగించే ఉద్దేశంతో మూలాలను కల్పించానన్నది రెండోది. మొదటిదాన్ని ఒప్పుకుంటున్నాను. రెండోదాన్ని ఒప్పుకోను.

నా వ్యాసం 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద గురించి, ఆ తర్వాత నగరాన్ని తిరిగి కట్టిన తీరు గురించి. మొత్తం 92 పేజీలు. పరీక్షకులు మూడో అధ్యాయంలో ఏడు చోట్ల ఎర్ర గీత గీశారు. ఆ ఏడింటినీ మూలాల పక్కన పెట్టి వరసగా చదువుకున్నాను. ఒక్క గీత కూడా అన్యాయంగా గీసింది కాదు.

ముందుగా ఒక మాట చెప్పాలి. సాఫ్ట్‌వేర్ రిపోర్టు నా వ్యాసంలో పోలిక 8 శాతమే అని చూపించింది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు శిక్ష ఉండదని, ఆ అంకె పట్టుకుని వాదించమని హాస్టల్లో ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. నేనలా వాదించను. నేను ఎక్కువగా వాడుకున్నది మన విభాగం లైబ్రరీలోనే ఉన్న ఒక పాత ఎం.ఫిల్. సిద్ధాంత వ్యాసం. అది తెలుగులో టైపు చేసి బైండు చేసిన ప్రతి. సాఫ్ట్‌వేర్ పోల్చి చూడటానికి ఎక్కడా లేదు. అందుకే అంకె తక్కువ వచ్చింది. దాన్ని పట్టుకున్నది ఆ వ్యాసం చదివి గుర్తుపెట్టుకున్న పరీక్షకులు.

ఇక ఒక్కొక్కటిగా.

46, 49, 50 పేజీల్లోని మూడు పేరాలు దాదాపుగా ఆ ఎం.ఫిల్. వ్యాసంలోని వాక్యాలే. అక్కడక్కడా క్రియలు మారాయి, రెండు వాక్యాలు కలిసి ఒకటయ్యాయి. వాటి కింద ఫుట్‌నోట్ లేదు. ఇదెలా జరిగిందో చెబుతాను, అయితే ఇది సాకుగా చెబుతున్నది కాదు. నోట్సు రాసుకునేటప్పుడు నాకొక అలవాటు ఉంది. మూలంలో ఉన్నది నల్ల పెన్నుతో, నాకు తోచింది నీలం పెన్నుతో రాసుకుంటాను. మే 9న లైబ్రరీలో ఆ వ్యాసం ముందు కూర్చుని ఉండగా నల్ల పెన్ను అయిపోయింది. లేచి కిందకు వెళ్లి కొనుక్కుని ఉంటే పది నిమిషాలు పట్టేది. వెళ్లలేదు. మిగతాదంతా నీలం పెన్నుతోనే ఎత్తి రాసుకుని, మార్జిన్‌లో "ఎం.ఫి. 61–63" అని చిన్నగా వేసుకున్నాను. జూన్ మూడో వారంలో అదే నోట్సు ముందు పెట్టుకుని అధ్యాయం రాస్తుంటే, నీలం కనిపించింది కాబట్టి నా మాటలే అనుకున్నాను. మార్జిన్ చూడలేదు. వ్యాసం ఇవ్వాల్సిన తేదీ జూన్ 28. అప్పటికి నేను ఏది చూసే స్థితిలోనూ లేను, పేజీలు నింపే టెన్షన్‌లో ఉన్నాను. ఆ నోట్సు పుస్తకం అసలు ప్రతినే విచారణ రోజు తెస్తాను. సిరా ఎక్కడ మారిందో మీరే చూడవచ్చు.

44, 52 పేజీల సంగతి కొంచెం వేరు. అక్కడ ఫుట్‌నోట్లు ఉన్నాయి, కొటేషన్ గుర్తులు లేవు. నా చేతిరాతను కోఠిలో ఒక డీటీపీ సెంటర్లో అను ఫాంటులో టైపు చేయించాను. సాఫ్ట్‌వేర్ తనిఖీకి యూనికోడ్ ఫైలు కావాలన్నారు కాబట్టి దాన్ని మార్పించాను. మార్చినప్పుడు కొన్ని గుర్తులు ఎగిరిపోయాయి, కొన్ని ఒత్తులు కూడా చెదిరాయి. ఒత్తులన్నీ కూర్చుని దిద్దుకున్నాను. గుర్తుల్ని పట్టించుకోలేదు. అక్షరం తప్పుపోతే పరువు పోతుందనుకున్నాను కానీ, గుర్తు పోతే ఇంకొకరి మాట నాదైపోతుందని ఆలోచించలేదు. టైపు చేసిన అన్నది ఇందులో ఏ తప్పూ లేదు. ప్రూఫు చూసి సరే అని సంతకం పెట్టింది నేను. పాత అను ఫైలు నా దగ్గర ఉంది, అందులో ఈ రెండు చోట్లా గుర్తులు ఉన్నాయి. అయితే పైన చెప్పిన మూడు పేరాలకు అందులోనూ లేవు. వాటిని ఫాంటు ఖాతాలో వేయడం కుదరదు.

58వ పేజీలో జరిగింది చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. ఆ అధ్యాయంలో "పైదే" అని ఫుట్‌నోట్లు వేసుకుంటూ పోయాను. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1909లో నగరానికి వచ్చి, ఎగువన జలాశయాలు కట్టాలని సూచించిన పేరాను ముందుకు జరిపాను. పేరా జరిగింది, కింద ఉన్న "పైదే" మాత్రం అక్కడే నిలబడిపోయి ఇంకో మూలానికి అతుక్కుంది. దాంతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసా మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయన్న సమాచారం 1908లోనే రాసిన వరద నివేదికలో ఉన్నట్టు తయారైంది. పరీక్షకులు దాని పక్కన ఆశ్చర్యార్థకం ఒక్కటే వేశారు. మోసం చేయాలనుకున్నవాళ్లు పన్నెండేళ్ల తర్వాతి సంగతిని పాత కాగితం నోట పలికించరని నేను అనుకుంటున్నాను. కానీ వ్యాసం ఇచ్చే ముందు ఒక్కసారైనా మొదటి నుంచి చివరి దాకా చదివినవాళ్లు కూడా దాన్ని అలా వదిలిపెట్టరు. నేను చదవలేదు.

ఇక 55వ పేజీ. ఏడింటిలో నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది ఇదే. రెండో ఆరోపణ అంతా దీని మీదే నిలబడి ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

వరద తర్వాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి గురించి రాస్తూ, ఇళ్ల తొలగింపుకు సంబంధించిన ఒక ఫైలును నేరుగా చూసినట్టు ఫుట్‌నోట్‌లో ఇచ్చాను. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నేను మూడు ఫైళ్లు చూశాను. ఇది ఆ మూడింటిలో లేదు. ఎం.ఫిల్. వ్యాసంలోని ఫుట్‌నోట్‌నే దించుకున్నాను. "ఫలానా వ్యాసంలో ఉటంకించినది" అని రాయాల్సింది. అలా రాయాలని రెండో సెమిస్టర్ పరిశోధన పద్ధతుల పేపర్లో చదువుకున్నాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. రాసేటప్పుడు మాత్రం, ఫైలు నంబరు ఉంది కదా, మూలం చూపించినట్టే కదా అనుకున్నాను. చూడని కాగితాన్ని చూసినట్టు చదివేవాళ్లకు అనిపించేలా రాయడం పొరపాటు కన్నా పెద్ద మాటకు తగినదే. దాన్ని తేలిక చేసి చెప్పను.

అయితే నోటీసులో "కల్పించిన మూలం" అని ఉంది. అది నిజం కాదు. నోటీసు అందిన రెండో రోజు, ఆగస్టు 7న, ఆర్కైవ్స్‌కు వెళ్లి ఆ ఫైలు అడిగాను. ఫైలు ఉంది. తెప్పించుకుని చదివాను. నేను రాసిన విషయం అందులో ఉంది. ఇంకొకటి కూడా బయటపడింది. నిజాం కాలపు కాగితాల మీద ఫస్లీ సంవత్సరం ఉంటుంది. అక్టోబరులో మొదలయ్యే ఆ సంవత్సరానికి మొదటి నెలల్లో 590, తర్వాతి నెలల్లో 591 కలిపితే మన లెక్క వస్తుంది. ఈ కాగితం 1322 ఫస్లీ వేసవి నాటిది, అంటే 1913. ఎం.ఫిల్. వ్యాసంలో 590 కలిపి 1912 అని వేశారు. నా ఫుట్‌నోట్‌లోనూ 1912 అనే ఉంది. వాళ్ల పొరపాటు నా దగ్గరికి అలాగే వచ్చేసింది. జూన్‌లో నేను ఫైలు చూడలేదనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. ఫైలు నా ఊహ కాదనడానికి కూడా ఆ కాగితమే రుజువు. పరీక్షకుల కన్ను ఆ సంవత్సరం మీద పడిందో లేదో నాకు తెలియదు, ఫిర్యాదులో లేదు. దాచడం నాకిష్టం లేక చెబుతున్నాను.

ఉద్దేశం గురించి నేను చెప్పగలిగింది తక్కువే. ఆ ఎం.ఫిల్. వ్యాసం పేరు నా గ్రంథసూచిలో ఉంది. మూడో అధ్యాయంలోనే 11 చోట్ల దాన్ని పుట సంఖ్యతో సహా ప్రస్తావించాను. ఆ పదకొండింటిలో ఒకటి 47వ పేజీలో, అంటే గీత పడిన రెండు పేరాల మధ్యనే ఉంది. దాన్ని నేను వాడుకున్న సంగతిని దాచాలనుకుని ఉంటే, ఆ పుస్తకం తెరిచి చూడమని పరీక్షకులకు అన్నిసార్లు నేనే చెప్పి ఉండేదాన్ని కాదు. లైబ్రరీలో దాన్ని నా పేరు మీద రాసిచ్చిన చీటీలు కూడా ఉంటాయి. నిర్లక్ష్యం ఎంత ఉన్నా ఒప్పుకుంటాను. మిమ్మల్ని మోసం చేయాలని మాత్రం కూర్చుని రాయలేదు.

మా గైడ్ మేడమ్ గురించి కూడా రాయాలి. మొదటి రెండు అధ్యాయాల చిత్తుప్రతులు ఆమె లైను లైను చదివి దిద్దారు. మూడోది నేను జూన్ 25 సాయంత్రం ఇచ్చాను, మూడు రోజులే గడువు. "ఫుట్‌నోట్లు ఇంకోసారి చూసుకో అమ్మా" అని ఫోన్లో కూడా చెప్పారు. చూసుకుంటానన్నాను. ఈ ఫిర్యాదు ఆమె పర్యవేక్షణ మీదికి పోకూడదని ప్రత్యేకంగా కోరుతున్నాను.

మాది నల్గొండ వైపు, మూసీ పక్క ఊరు. పైన నగరంలో వాన పడితే కింద మా వాగు రంగు మారుతుంది. ఈ అంశం ఎంచుకున్నది అందుకే. అంత ఇష్టంతో మొదలుపెట్టిన పనిని చివర్లో ఇలా చేసుకున్నాను.

ప్యానెల్‌ను నేను కోరేది ఇది. పోలిక 10 నుంచి 40 శాతం ఉన్నవారికి నిబంధనలు చెప్పినట్టే, నన్ను కూడా మూడో అధ్యాయాన్ని సరిచేసి తిరిగి సమర్పించమనండి. ఆరు నెలలు అవసరం లేదు, రెండు నెలలు చాలు. తక్కినవాటికి మీరు ఏ చర్య తీసుకున్నా అభ్యంతరం చెప్పను. కానీ "మోసం", "కల్పన" అన్న మాటలు నా రికార్డులో చేరకూడదని, వాటిని నోటీసు నుంచి తీసివేయాలని కోరుతున్నాను. పాత ఎం.ఫిల్. వ్యాసం రాసినవారి చిరునామా విభాగంలో ఉంటే, క్షమాపణ ఉత్తరం పంపుకోవడానికి అనుమతి ఇవ్వండి.

దీంతో జతచేస్తున్నవి: నోట్సు పుస్తకంలోని మే 9 నాటి నాలుగు పేజీల జిరాక్సు, పాత అను ఫైలు ప్రింటు, ఆగస్టు 7న ఆర్కైవ్స్‌లో ఫైలు కోసం నింపిన దరఖాస్తు నకలు, ఏడు చోట్లా నా వాక్యం పక్కన మూల వాక్యం పెట్టి చేసిన పట్టిక. పట్టికలో ఎనిమిదో వరస కూడా ఉంది. అది 61వ పేజీలోది. పరీక్షకులు గుర్తించలేదు, సరిచూసుకుంటుంటే నాకే దొరికింది.

ఇట్లు,
మీ విధేయురాలు,
కె. సుజాత
ఎం.ఏ. చరిత్ర, నాలుగో సెమిస్టర్