బ్యాంక్‌ఐడీ స్క్రీన్‌షాట్: ఏం అడుగుతుంది, ఏం బయటికి వెళ్తుంది

బ్యాంక్‌ఐడీ అంటే స్వీడన్‌లో ఆన్‌లైన్‌లో మనం ఎవరమో చూపించడానికి, సంతకం పెట్టడానికి వాడే యాప్. స్వీడన్‌కి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది అందులోని ఈ స్క్రీన్ దగ్గరే ఆగిపోతున్నారు, అందుకే స్క్రీన్‌షాట్ పెట్టి చెప్తున్నా. నా పర్సనల్ నంబర్, అంటే స్వీడన్ ప్రభుత్వం ఒక్కొక్కరికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య, దాని మీద నల్లగా గీసేశాను, మీరు ఎక్కడ పెట్టినా అలాగే గీసి పెట్టండి.

ముందుగా, ఈ యాప్ డౌన్‌లోడ్ చేసుకున్నంత మాత్రాన మీకు ఐడీ రాదు. ఇచ్చేది బ్యాంకు. పర్సనల్ నంబర్ వచ్చి, గుర్తింపు కార్డు చూపించి ఖాతా తెరిచాక, మీరు మీరేనని బ్యాంకు తేల్చుకున్నాకే ఇస్తుంది. స్క్రీన్‌షాట్‌లో కనిపించే QR కోడ్ బ్యాంకు సైట్‌లో వచ్చేది, దాన్ని ఈ యాప్‌తో స్కాన్ చేయాలి. కొందరిని పాస్‌పోర్టు గానీ ఐడీ కార్డు గానీ ఫోన్‌తో స్కాన్ చేయమంటుంది, భయపడక్కర్లేదు. తర్వాత కనీసం ఆరంకెల సెక్యూరిటీ కోడ్ పెట్టుకోవాలి. పుట్టినరోజు మాత్రం పెట్టకండి, ఎందుకంటే పర్సనల్ నంబర్ మొదలయ్యేదే దానితో, నంబర్ తెలిసినవాడు మొదట కొట్టి చూసేది అదే.

ఇక అందరూ అడిగేది: బ్యాంక్‌ఐడీతో ఏదైనా సైట్‌లో లాగిన్ అయితే ఆ సైట్‌వాళ్లకి ఏమేం తెలుస్తాయి? మీ పేరు, ఇంటిపేరు, పర్సనల్ నంబర్, ఫోన్ ఐపీ అడ్రస్, మీరే ఒప్పుకున్నారని రుజువు చేసే డిజిటల్ సంతకం, వాటితో పాటు ఐడీ జారీ అయిన తేదీ లాంటి కొన్ని సాంకేతిక వివరాలు. ఖాతాలో ఎంత ఉందో వెళ్లదు, మీ కోడ్ వెళ్లదు, వేలిముద్ర ఫోన్ దాటదు. మన ఆధార్ ఈ-కేవైసీలో ఫోటో, చిరునామా కూడా వెళ్తాయి కదా, ఇక్కడ లాగిన్‌తో అవి వెళ్లవు. కానీ ఊరట పడే ముందు ఒక మాట: పర్సనల్ నంబర్‌లోనే మీ పుట్టిన తేదీ ఉంటుంది, చివరి నుంచి రెండో అంకె బేసి అయితే మగ, సరి అయితే ఆడ. పైగా ఆ నంబర్ దొరికితే కంపెనీలు జనాభా రిజిస్టర్ నుంచి అడ్రస్ తెచ్చుకోగలవు, అందుకు ప్రభుత్వమే SPAR అనే రిజిస్టర్ నడుపుతోంది. అంటే యాప్ పంపింది తక్కువే అయినా, దాంతో తెలుసుకోగలిగేది తక్కువ కాదు.

అందుకే కోడ్ కొట్టే ముందు రెండు చూడండి. అవతల ఎవరి పేరు ఉంది, స్క్రీన్ మీద ఏ మాట ఉంది. `Legitimera` అంటే నేను ఫలానా అని చూపించడం, `Skriv under` అంటే సంతకం. రెండోది వస్తే కింద ఉన్న ప్రతి అక్షరం చదవండి, స్వీడిష్ రాకపోతే అనువాదం చేసుకుని చదవండి, ఎందుకంటే అది కాగితం మీద పెట్టిన సంతకంలాగే చెల్లుతుంది. ఎవరైనా ఫోన్ చేసి, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఇప్పుడే బ్యాంక్‌ఐడీ తెరిచి ఓకే చేయండి అంటే అది మోసమే. రద్దు చేసే `Avbryt` నొక్కి ఫోన్ పెట్టేయండి, తర్వాత బ్యాంకు సైట్‌లో ఉన్న నంబర్‌కి మీరే చేయండి.