విషయం: అకౌంట్స్ విభాగానికి, నేటితో సెలవు తీసుకుంటూ

అందరికీ నమస్కారం.

ఈ రోజు, జూన్ 30, మన ఆఫీసులో నా చివరి పనిదినం. మా వారికి విశాఖపట్నం బదిలీ అయ్యి, పిల్లలను కూడా అక్కడి బడిలోనే చేర్పించవలసి రావడంతో ఈ ఉద్యోగం మానుకోక తప్పలేదు.

2019 ఆగస్టులో ఆటోనగర్‌లోని మన ఆఫీసులో చేరేనాటికి నాకు ట్యాలీలో వోచర్లు ఎక్కించడం తప్ప మరేమీ రాదు. చేరిన రెండో నెలలోనే, ఖమ్మం పార్టీకి పంపిన బేరింగుల బిల్లులో, వారి జీఎస్టీ నంబరు 36తో మొదలవుతున్న సంగతి చూసుకోకుండా, మన రాష్ట్రంలోనే అమ్మినట్లు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేశాను. తమకు క్రెడిట్ రావడం లేదని వారు ఫోన్ చేసేసరికి రిటర్ను దాఖలైపోయింది. బిల్లు సవరించి, ఐజీఎస్టీ కొత్తగా కట్టి, పొరపాటున కట్టిన పన్ను వాపసుకు దరఖాస్తు పెట్టేవరకు మూర్తి గారు నా పక్కనే కూర్చున్నారు కానీ ఒక్క మాట అనలేదు. చివరకు ఒక చీటీ మీద పెన్సిలుతో "36 అంటే తెలంగాణ" అని రాసి నా మానిటరుకు అంటించారు. ఆ చీటీని నేను తీయలేదు, కొత్తగా వచ్చేవారికి పనికొస్తుంది.

పనుల అప్పగింత దాదాపు పూర్తయింది. జులై 11లోగా వేయవలసిన GSTR-1కు అమ్మకాల పట్టిక సిద్ధం చేసి సునీతకు ఇచ్చాను. 14న GSTR-2B వచ్చాక కొనుగోళ్లతో సరిచూసి, 20లోగా GSTR-3B వేసే పని రమణ గారు చూస్తారు. గుంటూరు సరఫరాదారు బిల్లులు రెండు ఇంకా పోర్టల్లో కనిపించడం లేదు కాబట్టి, వారికి మరొకసారి ఫోన్ చేయకుండా ఆ క్రెడిట్ తీసుకోవద్దని మనవి. బీరువా తాళాలు, పాత ఈ-వే బిల్లుల ఫైళ్లు మూర్తి గారి వద్ద ఉన్నాయి.

మార్చి నెలాఖరుల్లో రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నప్పుడు, ఒంటరిగా వెళ్లవద్దని నన్ను ఇంటి దాకా దింపి వెళ్లిన స్టోర్సు సోదరులకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. నా తొందర వల్ల ఎవరినైనా విసుక్కుని ఉంటే, ముఖ్యంగా ప్రతి నెలా పదో తారీఖున, దయచేసి మన్నించండి.

ఈ ఉత్తరాన్ని కూడా పంపేముందు మూర్తి గారికి చూపించాను. నాలుగు చోట్ల విభక్తులు, రెండు చోట్ల క్రియలు సరిదిద్ది, మిగిలినదంతా నా మాటగానే ఉండనిచ్చారు.

నా ఫోన్ నంబరు మారదు. రిటర్నుల విషయంలో సందేహం వస్తే మొహమాటపడకుండా అడగండి. మధ్యాహ్న భోజనానికి పులిహోర తెచ్చాను, గోడౌనుకు వెళ్లినవారు తిరిగి వచ్చేదాకా వారి వాటా తీసి ఉంచగలరు.

ఇట్లు,
లక్ష్మి
అకౌంట్స్ విభాగం