ఆసు యంత్రాల క్యాంపెయిన్ పేజీ మదింపు: 100కి 50

పేజీ: భూదాన్ పోచంపల్లి మండలంలోని 12 నేత కుటుంబాల సంఘం ఆసు యంత్రాలకు, అంటే నేతకు ముందు మేకుల చుట్టూ దారం తిప్పే పని చేసే యంత్రాలకు, దాతలను డబ్బు అడిగే పేజీ. లక్ష్యం రూ.9,00,000. గడువు 60 రోజులు. లక్ష్యం చేరకపోతే మొత్తం డబ్బు దాతలకు వెనక్కి వెళ్లే పద్ధతి. చూసింది ఇంకా తెరవని డ్రాఫ్ట్.

కథ స్పష్టత: 30కి 21

చెప్పాల్సిన కథ పేజీలో ఉంది, కానీ ఆరో పేరాలో ఉంది. మొదటి ఐదు పేరాలూ చేనేత ప్రాచీనత, ఇక్కత్ వైభవం. ఫోన్‌లో చదివేవాళ్లు అక్కడిదాకా రారు. "ఒక చీరకు ఆసు పోయాలంటే నాలుగైదు గంటలు చేయి ఆడిస్తూనే ఉండాలి, రాత్రి ఆ చేత్తో ముద్ద కలుపుకోలేను" అని ఒకావిడ చెప్పిన మాటతోనే పేజీ మొదలుపెట్టండి. దాని కిందే మేకుల చుట్టూ దారం తిప్పుతున్న చేయి దగ్గరగా కనిపించే ఫొటో. ఆసు అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఆ రెండూ చాలు. యంత్రం మీద అదే పని గంటన్నరలో అవుతుందన్న వాక్యం మూడోది కావాలి.

వీడియో 6 నిమిషాల 40 సెకన్లు. మొదటి 50 సెకన్లూ డ్రోన్‌తో తీసిన ఊరే. రెండున్నర నిమిషాలకు కుదించండి. మగ్గం చప్పుడు మాటల్ని మింగేస్తోంది కాబట్టి కింద తెలుగు, ఇంగ్లిష్ అక్షరాలు వేయండి.

లక్ష్యం వాస్తవికత: 25కి 9

ఎక్కువ మార్కులు పోయింది ఇక్కడే. పేజీలో ఇచ్చిన పద్దు: 12 యంత్రాలకు 3,60,000, షెడ్డు పైకప్పుకు 2,40,000, నూలుకు 2,00,000, "ఇతర ఖర్చులు" 1,00,000. కూడితే సరిగ్గా తొమ్మిది లక్షలు. వేదిక కమీషన్ (5 శాతం), చెల్లింపు రుసుము (2 శాతం), ఆ రెండింటి మీద 18 శాతం జీఎస్టీ కలిపి రూ.74,340 అవుతుంది. అది ఎక్కడా లేదు. దాతలకిచ్చే బహుమతుల తయారీ ఖర్చూ లేదు.

మీరిచ్చిన ధరలతోనే తొమ్మిది లక్షలు వచ్చాయనుకుని లెక్క వేశాం. 500 రూపాయల బుక్‌మార్కు వాళ్లు 200 మంది, 1,500 దుపట్టా వాళ్లు 200, 9,000 చీర వాళ్లు 50, 25,000 ఇచ్చి ఊళ్లో ఉండేవాళ్లు ఇద్దరు. చీరల తయారీకి 3,60,000, దుపట్టాలకు 1,70,000, బుక్‌మార్కులకు 12,000, ప్యాకింగు కొరియరుకు 38,000, ఊళ్లో రెండ్రోజులు ఉండే అతిథులకు 6,000. రుసుములు కూడా తీసేస్తే చేతిలో మిగిలేది రూ.2,39,660. లక్ష్యం నూటికి నూరు శాతం చేరినా ఏడు యంత్రాలే వస్తాయి. పైకప్పు రాదు, నూలు రాదు, మిగతా ఐదు కుటుంబాలకు జవాబూ ఉండదు.

ఇంకో ప్రశ్న, ఇది లెక్క తెలిసిన దాత తప్పక అడుగుతాడు: పన్నెండు యంత్రాలు ఎందుకు? 12 మగ్గాలు, మగ్గానికి నెలకు 5 చీరలు అని మీరే రాశారు. అంటే 60 చీరలు, చీరకు గంటన్నర చొప్పున నెలకు 90 గంటల పని. రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే ఒక్క యంత్రమే పన్నెండు రోజుల్లో ముగిస్తుంది. దారం ఇళ్ల మధ్య మోస్తే చిక్కుపడుతుందనో, కరెంటు పోయే వేళలు కలవవనో కారణం ఉంటే ఉండొచ్చు, అది పేజీలో రాయాలి. లేకపోతే మూడిళ్లకొకటి చొప్పున నాలుగు యంత్రాలు చాలు. రూ.1,20,000. ధరకు కొటేషన్ స్కాన్ జతచేయండి.

బహుమతులు: 20కి 8

పేజీలో అన్నింటికంటే అందంగా ఉన్న బహుమతే మీకు ఎక్కువ నష్టం. 9,000 రూపాయల పట్టు చీర మీద తయారీ 7,200, కొరియరు 200, రుసుములు 743 పోగా 857 మిగులుతుంది. 500 రూపాయల బుక్‌మార్కు మీద 349 మిగులుతుంది. మూడు బుక్‌మార్కులు ఒక చీరను దాటేస్తాయి. దుపట్టా మీద మిగిలేది 436.

"మీకు నచ్చిన రంగులో" అన్న మాట తీసేయండి. రంగు పట్టకూడని చోట నూలుకు ముడులు వేసి, అంటే చిటికి కట్టి, అద్దకం అయ్యాక ఒకే పడుగు మీద అనేక చీరలు అదే డిజైన్‌లో దిగుతాయి. ఒక్కొక్కరికి ఒక్కో రంగంటే ఒక్కో చీరకు ఒక్కో పడుగు. ఇది మాకంటే మీకే బాగా తెలుసు, పేజీ రాసినవాళ్లకు తెలిసినట్టు లేదు. మూడు డిజైన్లు చూపించి ఎంచుకోమనండి.

45 రోజుల్లో అందజేస్తామన్నారు. నెలకు 45 చీరలు మీతో నేయించుకునే మాస్టర్ వీవర్ ఆర్డర్‌కే పోతున్నాయని ఇంకోచోట ఉంది. ఖాళీగా ఉండేది నెలకు 15. యాభై చీరలకు మూడు నెలలు దాటుతుంది, దుపట్టాలు ఆ లెక్కలో లేనే లేవు. పైగా ఆ రోజులు వానాకాలంలో పడుతున్నాయి, అద్దిన నూలు ఆరదు.

మా సూచన: చీర ధర 11,500, ఇరవైకి మించకుండా. దుపట్టా 1,800, అరవై. బుక్‌మార్కులు వంద. వచ్చేది 3,88,000, ఖర్చులన్నీ పోను మిగిలేది 1,40,551. నాలుగు యంత్రాలకు పోగా ఇరవై వేలు రవాణాకు, బిగింపుకు. లక్ష్యం రూ.3,88,000 పెట్టి, బహుమతులు అందజేయడానికి 90 రోజుల గడువు చెప్పండి. పైకప్పుకు తర్వాత విడిగా అడగొచ్చు. బహుమతుల మీద జీఎస్టీ వర్తిస్తుందేమో ముందే ఆడిటర్‌ని అడగండి, వర్తిస్తే ఈ ధరలు మళ్లీ మారతాయి.

నమ్మకం: 25కి 12

డబ్బు వెళ్లే ఖాతా సంఘం పేరిట లేదు, ఒక సభ్యుడి సొంత సేవింగ్స్ ఖాతా. ఆయన నిజాయితీ గురించి కాదు ఈ మాట. ఇది ఒక్కటే ఎనిమిది మార్కులు తీసేసింది.

పోచంపల్లికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఇచ్చిన ఉత్తమ పర్యాటక గ్రామం గుర్తింపు ఊరికి వచ్చింది, మీ సంఘానికి కాదు. భౌగోళిక గుర్తింపును చూపే జీఐ లోగో కూడా అంతే, అధీకృత వినియోగదారుగా మీకు నంబరుంటే ఆ నంబరు వేయండి, లేకపోతే లోగో తీసేయండి. చింతకింది మల్లేశం గారి ఫొటో పెద్దగా పెట్టారు. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూసి ఆయన 1999లో ఆసు యంత్రం తయారుచేసిన సంగతి, 2017 పద్మశ్రీ రెండు వాక్యాల్లో చెప్పండి. ఫొటో చూస్తే ఈ క్యాంపెయిన్‌ను ఆయన బలపరుస్తున్నట్టుంది, రాతపూర్వక అనుమతి లేకపోతే అది ఉండకూడదు.

"80జీ పన్ను మినహాయింపు" అన్నారు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు. ఉన్నా, ధరకు తగ్గ చీర అందుకున్నవాళ్లు ఇచ్చింది విరాళం కాదు. అమెరికా తెలుగువాళ్లను విరాళం అడిగే పేరా ఇంకా ప్రమాదం. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి బ్యాంకు మార్గంలో పంపితే ఇబ్బంది లేదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డున్నా సరే, ఇచ్చే విరాళం విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కిందికి వస్తుంది, మీకు ఆ నమోదు లేదు.

పన్నెండు కుటుంబాల పేర్లు, మగ్గాల ఫొటోలు ఇచ్చారు. దానికి పూర్తి మార్కులు. ఆలస్యమైతే ఏం చేస్తారో, యంత్రం పాడైతే ఎవరు బాగుచేస్తారో రెండు వాక్యాలు చేర్చితే ఇంకో మూడు వస్తాయి.

ఖాతా మార్చి, 80జీ, అమెరికా విరాళాల పేరాలు తీసేశాకే పేజీ తెరవండి. ధరలు, లక్ష్యం సరిచేసిన డ్రాఫ్ట్ పంపితే మళ్లీ మార్కులేస్తాం. కథ భాగాన్ని మళ్లీ చూడాల్సిన పని లేదు, పేరాలు ముందుకు జరిపితే అక్కడ 27 ఖాయం.