అమ్మ రోజువారీ సంరక్షణ: పగటిపూట చూసుకునేవారికి సూచనలు

అమ్మకు 81 ఏళ్లు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి, ఎడమ మోకాలు పూర్తిగా మడవలేరు, కుడి చెవికి వినికిడి యంత్రం పెట్టుకుంటారు. ఈ సూచనల ఇంగ్లీషు కాపీ మందుల డబ్బా మూత లోపల అంటించి ఉంది. డాక్టరు గానీ నర్సు గానీ వస్తే దాన్ని చూపించండి.

ఉదయం 7 గంటలకు లేపిన వెంటనే నిలబెట్టవద్దు. గబుక్కున లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి కాబట్టి, కాళ్లు నేలకు ఆనేలా మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టి, తల తిరగడం లేదని ఆమె నోటితో చెప్పాకే చేతికర్ర అందించండి. చేతులు పట్టి పైకి లాగకండి. నడుము వెనుక మీ చేయి ఆసరాగా ఉంటే చాలు, ఆమే లేస్తారు.

స్నానాల గదికి లోపల గడియ వేయనివ్వకండి. అందుకు ఒక మాట అన్నా అంటారు, పట్టించుకోకుండా తలుపు ఓరగా వేసి బయటే ఉండండి. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గింది, అందుచేత నీళ్ల వేడి మీ మోచేతితో చూశాకే పోయనివ్వండి. స్నానం తర్వాత కాలివేళ్ల సందులు మెత్తని బట్టతో తడి లేకుండా అద్ది, అరికాళ్లు వెలుతురులో చూడండి. గాయమైనా ఆమెకు నొప్పి తెలియదు. బొబ్బ, ఎరుపు, చిన్న గీత ఏది కనిపించినా అదే రోజు నాకు చెప్పండి. క్రీము మడమలకే రాయాలి, వేళ్ల సందుల్లో వద్దు.

షుగరు మాత్ర భోజనంతోనే ఇవ్వాలి. ఆమె తినకపోతే మాత్ర ఆపి నాకు ఫోన్ చేయండి. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు కలిపి ఇవ్వవద్దు. నిటారుగా కూర్చోబెట్టి తినిపించండి, తిన్నాక అరగంట పడుకోనివ్వకండి.

ఒళ్లంతా చెమట పట్టి, చేతులు వణికి, మాట పొంతన లేకుండా ఉంటే షుగరు పడిపోయిందేమోనని చూడాలి. యంత్రంలో 70 కంటే తక్కువ వస్తే, లేదా యంత్రం వెంటనే దొరక్కపోయినా, మూడు చెంచాల పంచదార అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూసి, ఇంకా తక్కువగానే ఉంటే అంతే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, అంబులెన్స్ పిలవండి.

మూతి ఒక పక్కకు వంగినా, ఒక చేయి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా ముందు అంబులెన్స్‌కు, తర్వాత నాకు ఫోన్ చేయండి. అది ఎప్పుడు మొదలైందో గడియారం చూసి రాసిపెట్టండి, ఆసుపత్రిలో మొదట అడిగేది అదే. కింద పడితే కంగారులో లేపకుండా, ఎక్కడ నొప్పిగా ఉందో అడగండి.

సాయంత్రం 5 గంటలకు, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక బీపీ చూసి పుస్తకంలో రాయండి. వినబడకపోతే అరవకుండా ఎదురుగా వచ్చి నిదానంగా చెప్పండి. పుస్తకం రాత్రి వచ్చేవారి చేతికి ఇచ్చాకే బయలుదేరండి.