విషయం: మీ ఉదయం మెయిల్‌కు జవాబు – ఆర్డర్ల సైట్ ఆలస్యం, గురువారం ప్రారంభం

మేడమ్, నమస్కారం.

ఈ ఉదయం మీరు పంపిన మెయిల్ అందింది. వెంటనే ఫోను చేసి రెండు ముక్కలు మాట్లాడాను కానీ, మీరు అడిగినవి ఫోనులో తేల్చేసే ప్రశ్నలు కావు. మధ్యాహ్నం దాకా మా బృందంతో కూర్చుని, సర్వర్ లాగ్‌లు చూసి, ఖాయం చేసుకున్న సంగతులు మాత్రమే ఇందులో రాస్తున్నాను.

శుక్రవారం సాయంత్రం 6 గంటలకు సైట్ అప్పగిస్తామన్నాం, అప్పగించలేదు. మా మాట మీద భరోసాతో మీరు డీలర్లందరికీ శనివారం ఉదయం 9 నుంచి కొత్త సైట్‌లోనే ఆర్డర్లు పెట్టమని సందేశం పంపారు. వాళ్లు తెరిచి చూస్తే ‘త్వరలో’ అన్న పేజీ కనిపించింది. ఆ తర్వాత మీ ఆఫీసుకు వచ్చిన ఫోన్లన్నిటికీ కారణం మేమే. మిమ్మల్ని మీ డీలర్ల ముందు ఆ పరిస్థితిలో నిలబెట్టినందుకు క్షమించమని అడుగుతున్నాను.

మీ మొదటి ప్రశ్న: ‘ఆలస్యమవుతుందని మీకు ఎప్పుడు తెలిసింది?’ బుధవారం రాత్రి తెలిసింది. మీకు చెప్పింది శుక్రవారం రాత్రి ఏడున్నరకు, అదీ ‘కొన్ని సాంకేతిక కారణాల వల్ల’ అంటూ రెండు వాక్యాల్లో. మధ్యలో రెండు రోజులు ఏం చేశామంటే, గురువారం సాయంత్రానికి సరిచేసేస్తాం, ఇక మిమ్మల్ని కంగారు పెట్టడం దేనికి అనుకుంటూ గడిపాం. ఆ నిర్ణయం నాది. బుధవారం రాత్రే నేను ఫోను చేసి ఉంటే, గురువారం మీరు డీలర్లకు పంపిన సందేశం ఆగి ఉండేది. పని ఆలస్యం కావడానికి సాంకేతిక కారణం ఉంది, కింద రాశాను. మీకు చెప్పకపోవడానికి మాత్రం ఏ కారణమూ లేదు.

ఇప్పుడు అసలు లోపం సంగతి. డీలరు డబ్బు చెల్లించగానే, చెల్లింపు అందిందని పేమెంట్ గేట్‌వే మన సర్వర్‌కు ఒక సమాచారం పంపుతుంది. అది అందినట్టు మన సర్వర్ వెంటనే బదులివ్వాలి. బదులు రావడం ఆలస్యమైతే, సమాచారం చేరలేదేమో అనుకుని గేట్‌వే దాన్నే మళ్లీ పంపుతుంది. ఇది గేట్‌వే లోపం కాదు, అది అలాగే పనిచేయాలి. మన సర్వర్ మాత్రం మూడు గోదాముల్లో స్టాక్ సవరించి, ఇన్‌వాయిస్ తయారుచేసి, అన్నీ అయ్యాక బదులిచ్చేది. ఒక్కొక్క ఆర్డర్‌తో పరీక్షించినంత కాలం ఆ జాప్యం బయటపడలేదు. బుధవారం రాత్రి ఒకేసారి అనేక ఆర్డర్లు పంపి చూసినప్పుడు బయటపడింది. 12 పెట్టెల కోసం పెట్టిన ఒక పరీక్ష ఆర్డర్, జాబితాలో రెండు వేర్వేరు నంబర్లతో రెండుసార్లు కనిపించింది. చెల్లింపు ఒక్కటే, స్టాక్‌లో మాత్రం 24 పెట్టెలు తగ్గాయి.

ఇదే అసలు ఆర్డర్లతో జరిగితే ఏమయ్యేదో నాకన్నా మీకే బాగా తెలుసు. ఒకే డీలరుకు సరుకు రెండుసార్లు బయలుదేరేది, గోదాములో పెట్టెలు ఉండగానే మరో డీలరుకు ‘స్టాక్ లేదు’ అని కనిపించేది, నెలాఖరున మీ అకౌంటెంట్ ముందున్న లెక్కలు ఒకదానితో ఒకటి పొసగేవి కావు. శుక్రవారం సాయంత్రం సైట్ తెరవకుండా ఆపినందుకు మాత్రం నేను చింతించడం లేదు.

పరీక్షించిన అమ్మాయి నిర్లక్ష్యం వల్లే ఇలా జరిగిందని, ఆమెను ఈ పని నుంచి తప్పించాలని మీరు రాశారు. ఇది ఒప్పుకోలేను మేడమ్. ఆ లోపాన్ని పట్టుకున్నది ఆమే. అనేక ఆర్డర్లు ఒకేసారి పంపి చూసే పరీక్షను షెడ్యూల్‌లో అంత చివరకు నెట్టింది నేను. రెండు వారాల ముందే పెట్టి ఉంటే ఇప్పుడీ మెయిల్ రాసే అవసరం ఉండేది కాదు. ఆమె ఈ పనిలోనే కొనసాగుతుంది. కొనసాగడం మీకే మేలని నా అభిప్రాయం.

మరో సంగతి. ధరల జాబితా మీ వైపు నుంచి నాలుగు రోజులు ఆలస్యంగా రావడమే ఇందుకు కారణమని మావాళ్లెవరో మీ ఆఫీసులో అన్నారని రాశారు. విచారించాను, అన్న మాట నిజమే. అది తప్పు. జాబితా ఆలస్యంగా వచ్చింది కానీ, ఆ పనిని మేము ముందు వారమే సర్దుకున్నాం. ఈ లోపానికీ దానికీ సంబంధం లేదు. ఆ మాటను వెనక్కి తీసుకుంటున్నాను. మీ సిబ్బందికి కూడా ఇదే చెప్పండి.

సైట్‌ను ఈ రాత్రికే తెరవాలని, చిన్నచిన్న లోపాలుంటే తర్వాత చూసుకుందామని అన్నారు. మీ మీద ఎంత ఒత్తిడి ఉందో అర్థమవుతోంది. అయినా తెరవలేను. మార్పు నిన్న రాత్రి పూర్తయింది: చెల్లింపు సమాచారం రాగానే సర్వర్ దాన్ని భద్రపరచి ముందు బదులిస్తుంది, స్టాక్, ఇన్‌వాయిస్ పనులు ఆ తర్వాత చేస్తుంది. అదే చెల్లింపు నంబరు రెండోసారి వస్తే కొత్త ఆర్డర్ పుట్టదు. కాగితం మీద సరిపోయింది. కానీ అదే భారంతో మళ్లీ పరీక్షించకుండా మీ డీలర్ల డబ్బును దాని మీద నడపమంటే నా వల్ల కాదు. రెండోసారి మాట తప్పడం కన్నా, ఇప్పుడు మీ కోపాన్ని ఇంకాస్త భరించడమే నయం.

ఇక కొత్త తేదీ: గురువారం ఉదయం 9 గంటలు.

సోమవారం పగలంతా మీ డేటా నకలు మీద భారీ పరీక్ష నడుస్తుంది. ఫలితం మంచిదైనా చెడ్డదైనా సాయంత్రం 6 లోపు మీకు పంపుతాను. ఒక్క ఆర్డర్ రెండుసార్లు కనిపించినా గురువారం తేదీ రద్దవుతుంది, ఆ సంగతి ఆ సాయంత్రమే మీకు తెలుస్తుంది, ఫోనులో, నా నోటి నుంచే. మంగళవారం మీ అకౌంటెంట్ గారు, మీరు ఎంచుకున్న ఇద్దరు డీలర్లు పరీక్ష సైట్‌లో నిజంగా కొన్నట్టే కొని చూడాలి. ముఖ్యంగా సగం సరుకు వెనక్కి పంపడం, పాత బాకీ సర్దుబాటు చేయడం వంటివి చేసి చూడమనండి. అలాంటి పనులు మేము ఎంత ఊహించినా, రోజూ చేసేవాళ్లకు తట్టే చిక్కులు మాకు తట్టవు. బుధవారం రాత్రి 10 తర్వాత, ఆర్డర్లు మూసేశాక, పాత సైట్ నుంచి కొత్తదానికి మారుస్తాం. పాతది వారం పాటు సిద్ధంగా ఉంటుంది. ఏదైనా తేడా వస్తే వెనక్కి మళ్లించడానికి ఎక్కువసేపు పట్టకుండా డొమైన్ సెట్టింగులను ముందు రోజే మార్చి పెడతాం.

అప్పటిదాకా మీ వ్యాపారం ఆగకూడదు కదా. పాత ఆర్డర్ ఫారమ్‌ను ఈ మధ్యాహ్నం 2 గంటలకే తిరిగి తెరిచాం, పనిచేస్తోంది. సోమవారం నుంచి బుధవారం దాకా మావాళ్లు ఇద్దరు ఉదయం 9 నుంచి మీ ఆఫీసులోనే కూర్చుని, ఫోనులో వచ్చే ఆర్డర్లను మీ సిబ్బందితో కలిసి ఎక్కిస్తారు. ఈ మూడు రోజుల్లో నమోదైన ఆర్డర్లను గురువారానికల్లా కొత్త సైట్‌లోకి చేర్చే బాధ్యత మాది. మీరు మళ్లీ ఎక్కించనక్కర్లేదు.

డీలర్లకు ఏం చెప్పాలో మీకే బాగా తెలుసు. పని తగ్గుతుందనుకుంటే ఇది వాడుకోండి, మీకు నచ్చినట్టు మార్చుకోండి:

‘మా కొత్త ఆర్డర్ల సైట్ ఈ శనివారం ప్రారంభం కావలసి ఉంది. చివరి పరీక్షల్లో ఒకే ఆర్డర్ రెండుసార్లు నమోదవుతున్నట్టు తేలడంతో, మీ చెల్లింపులకు ఇబ్బంది రాకూడదని ప్రారంభాన్ని వాయిదా వేశాం. అసలు ఆర్డర్ వేటికీ ఈ సమస్య రాలేదు. అప్పటివరకు పాత ఫారమ్‌లో గానీ ఫోనులో గానీ ఆర్డర్ ఇవ్వండి. కొత్త తేదీని సోమవారం సాయంత్రం తెలియజేస్తాం. ఈ ఉదయం మీకు కలిగిన అసౌకర్యానికి మన్నించండి.’

గురువారం తేదీని ఇందులో కావాలనే రాయలేదు. సోమవారం పరీక్ష గట్టెక్కాక ప్రకటిస్తేనే మీకు క్షేమం.

డబ్బు విషయం. ఈ దశకు పంపవలసిన బిల్లు పంపడం లేదు. సైట్ తెరిచాక ఏడు రోజులు ఇబ్బంది లేకుండా నడిచి, మీరు సరేనన్న తర్వాతే పంపుతాం. ఆలస్యానికి ఒప్పందంలో రాసుకున్న తగ్గింపు శుక్రవారం సాయంత్రం 6 నుంచే లెక్కకు వస్తుంది, మీరు అడగకుండానే బిల్లులో చూపిస్తాం. మావాళ్లు మీ ఆఫీసులో చేసే మూడు రోజుల పనికి విడిగా ఏమీ తీసుకోం. మొత్తం డబ్బు వాపసు చేయమన్నారు. పూర్తయి, మీరు పరిశీలించి ఆమోదించిన మొదటి రెండు దశల విషయంలో అది న్యాయం కాదని అనుకుంటున్నాను. మీరు వేరుగా అనుకుంటే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం, మెయిళ్లలో తేలే విషయం కాదిది.

‘ఇంకా మీతోనే ఎందుకు ఉండాలి?’ అన్న మీ ఆఖరి ప్రశ్నకు ఇప్పుడు నేనేం చెప్పినా మాటలే అవుతాయి. అందుకని ఒక్క ఏర్పాటు మాత్రం చేస్తున్నాను. ఇప్పటివరకు రాసిన కోడ్, మీ డేటా పూర్తి నకలు, సర్వర్, డొమైన్ ఖాతాల అధికారాలు, వాటిని వాడే విధానం రాసిన పత్రం సోమవారం మధ్యాహ్నానికి మీ చేతికి వస్తాయి. రేపు మీరు ఈ పని మరొకరికి అప్పగించాలనుకున్నా, మా సహకారం కోసం ఎదురుచూడవలసిన పని ఉండదు. మీ చేతులు కట్టేసి మిమ్మల్ని నిలుపుకోవాలని మాకు లేదు. కలిసి పనిచేయాలనే మా కోరిక. గురువారం తర్వాత నిర్ణయించుకోండి.

ఈ పని ముగిసేదాకా రోజూ సాయంత్రం 6 గంటలకు మీకు నా నుంచి మెయిల్ వస్తుంది, చెప్పడానికి కొత్తగా ఏమీ లేని రోజున కూడా.

మీ నుంచి కావలసినవి రెండే. మంగళవారం పరీక్షకు వచ్చే ఇద్దరు డీలర్లు ఎవరో సోమవారం మధ్యాహ్నం లోపు చెప్పండి. వాళ్లలో ఒకరు ఈ ఉదయం మీకు ఫోను చేసి గట్టిగా మందలించినవారైతే మరీ మంచిది. అలాగే, ఆ రోజు మీ అకౌంటెంట్ గారికి రెండు గంటలు వీలు కల్పించండి.

ఈ సాయంత్రం 5 గంటలకు ఫోను చేస్తాను. అప్పుడు మాట్లాడాలని లేకపోతే ఎత్తకండి, రేపు మీరు చెప్పిన వేళకు నేనే మీ ఆఫీసుకు వస్తాను.

నమస్కారాలతో,
ప్రాజెక్టు మేనేజర్

జత: బుధవారం రాత్రి పరీక్ష నివేదిక, సోమవారం నుంచి గురువారం దాకా పనుల పట్టిక, ప్రతి పనికీ బాధ్యుల ఫోను నంబర్లతో